మొదటి మైకు, మొదటి కెమెరా: చూసేవాళ్ళను అడగాలా, ఇంట్లోవాళ్ళనా?

తొమ్మిది వందల మంది సబ్‌స్క్రైబర్లున్న వంటల ఛానల్ ఒకటి ఉందనుకుందాం. ఇప్పటిదాకా అన్నీ ఫోన్‌తోనే తీశారు. కాలర్ మైకు, దాన్ని ఫోన్‌కి కలిపే కన్వర్టర్, ఫోన్ స్టాండు కలిపి మూడు వేలు అవుతాయి. సెకండ్‌హ్యాండ్ కెమెరా, లెన్సు, కార్డు, అదనపు బ్యాటరీకి ముప్పై అయిదు వేలు కావాలి. మా సలహా: మైకుకి డబ్బు చూసేవాళ్ళను అడగండి, కెమెరాకి ఇంట్లోవాళ్ళను. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది.

తలా వంద ఇస్తే మైకు లక్ష్యానికి ముప్పై మంది చాలు, అంటే చూసేవాళ్ళలో ముప్పైమందికి ఒకరు. అదే కెమెరాకైతే మూడు వందల యాభై మంది కావాలి. చిన్న ఛానల్‌కి అంతమంది రారు. సగం డబ్బు వచ్చి ఆగిపోతే కొననూ లేరు, తిరిగివ్వడమూ కష్టం. మైకు వారంలో వచ్చేస్తుంది, తర్వాతి వీడియోలోనే తేడా వినిపిస్తుంది. ఇచ్చిన మాట అక్కడితో తీరిపోతుంది. పైగా ఫోన్‌తో తీసిన బొమ్మతో జనం సర్దుకుంటారు; పోపు చప్పుడులో మాట వినబడకపోతే మాత్రం వీడియో మార్చేస్తారు.

అడిగేటప్పుడు ఏం కొంటారో, ఎంతో, ఏ తేదీలోపో చెప్పండి. ఒక్కొక్కరి నుంచి అయిదు వందలకు మించి తీసుకోబోమనీ చెప్పండి. పెద్ద మొత్తం ఇచ్చినవాళ్ళే తర్వాత "నేను చెప్పిన వంట చెయ్యి" అంటారు. పిల్లలు ఇంట్లోవాళ్ళకి తెలియకుండా వాళ్ళ ఫోన్‌లోంచి పంపేది కూడా ఎక్కువగా పెద్ద మొత్తాల్లోనే బయటపడుతుంది. అనుమానం వస్తే వెంటనే వెనక్కి పంపేయండి. లక్ష్యం చేరకపోతే ఏం చేస్తారో ముందే రాయండి: "రెండు వేలే వస్తే స్టాండు మానేసి మైకు, కన్వర్టర్ కొంటాం."

క్యూఆర్ కోడ్‌ను వీడియో బొమ్మలో మాత్రం పెట్టకండి. డబ్బు సరిపోయాక కూడా ఆ పాత వీడియో చూసినవాళ్ళు పంపుతూనే ఉంటారు. డిస్క్రిప్షన్‌లో పెడితే ఆ రోజే తీసేయొచ్చు. ఫోన్ నంబరుతో ఉన్న యూపీఐ ఐడీ ఇస్తే మీ నంబరు ఊరందరికీ ఇచ్చినట్టే. నంబరు లేని వేరే ఐడీ పెట్టుకోండి.

బదులుగా ఏమిస్తామనాలి? టీషర్టు అనకండి. అయిదు వందలిచ్చిన నలభై మందికి టీషర్టు, కొరియరు కలిపి తలా మూడు వందల ముప్పై అనుకుంటే, వచ్చిన ఇరవై వేలలో పదమూడు వేల రెండు వందలు దానికే పోతాయి. అదీగాక, బదులుగా ఏదైనా ఇస్తే అది కానుక కాదు, ఆదాయం అవుతుంది. "వారానికి రెండు వీడియోలు" అన్న మాట ఇంకా ప్రమాదం. పరీక్షలు గానీ జ్వరం గానీ వస్తే మాట తప్పినట్టవుతుంది. బిల్లు ఫొటో పెట్టడం, ఒప్పుకున్నవాళ్ళ పేర్లు ఒక్క వీడియో కింద రాయడం, అంతవరకు చాలు. బంధువులు కానివాళ్ళ కానుకలు ఒక ఆర్థిక సంవత్సరంలో మొత్తం 50,000 దాటితే అంతటికీ పన్ను లెక్క చూపాలి. అమెరికా పౌరులైన తెలుగువాళ్ళు పంపేదానికి విదేశీ విరాళాల చట్టం అడ్డు రావచ్చు. భారత పాస్‌పోర్టున్న ప్రవాసులు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేదానికి ఆ చిక్కు లేదు.

ఇక కెమెరా. ఇంట్లోవాళ్ళ దగ్గర కానుకగా తీసుకుంటే అది పెళ్ళి చదివింపుల్లాంటిదే, ఎప్పటికైనా తిరిగి చదివించాలి. "కెమెరా మేం కొనిచ్చిందేగా" అని మేనత్త కూతురి పెళ్ళికి రెండు రోజులు వీడియో తీయమంటారు, లేదా బావ టూరుకి పట్టుకెళ్తాడు. వడ్డీ లేని అప్పైతే ఒక తేదీకి తీరిపోతుంది. అందుకే మేం అప్పుకే ఓటేస్తాం. పదకొండు వేలు మీరు కూడబెట్టుకోండి. మిగతా ఇరవై నాలుగు వేలు ముగ్గురి దగ్గర తలా ఎనిమిది వేలు తీసుకుని, నెలకి రెండు వేల చొప్పున పన్నెండు నెలల్లో తీర్చండి. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది ముగ్గురికీ ఒకే కాగితం మీద రాసివ్వండి. అందులోనే "కెమెరా బయటికి ఇవ్వను, శుభకార్యాలకి తీయడం నా వీలును బట్టి" అని కూడా రాయండి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒకరి నుంచి ఇరవై వేలు, అంతకుమించి నగదుగా అప్పు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. "అప్పెందుకురా, ఉంచుకో" అని ఎవరైనా పట్టుబడితే, వాళ్ళ చేత బ్యాటరీయో కార్డో కొనిపించుకోండి. చిన్న వస్తువు మీద ఎవరూ హక్కు అడగరు.

అప్పు చేసి కొనేముందు ఒకటి చూసుకోండి. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే కానన్ 1500డీకి బయటి మైకు పెట్టుకునే రంధ్రమే లేదు. 200డీకి ఉంది. జనం డబ్బుతో కొన్న మైకు కెమెరాకి పనికిరాకుండా పోతే వాళ్ళకి సమాధానం చెప్పాల్సింది మీరే.