జాగ్రత్త: స్కూలు + యాప్ + గైడు ప్యాకేజీలో పదేళ్ళనాటి ప్రశ్నలు అంటగడుతున్నారు

నిన్న మా తమ్ముడు లెర్నర్ టెస్టు తప్పాడు. ఇంకా కోపం చల్లారలేదు, అయినా ఈ వారంలోనే ఇంకెవరో వెళ్ళి అదే ప్యాకేజీకి డబ్బు కడతారని ఇప్పుడే రాస్తున్నాను. ఏ స్కూలో పేరు చెప్పను. కారు నేర్పడం, టెస్టు ప్రాక్టీసు యాప్, తెలుగు గైడు పుస్తకం, మూడూ కలిపి ఒకే ఫీజు అని హోర్డింగులు పెట్టుకున్నవాళ్ళను మీరూ చూసే ఉంటారు. కట్టిన డబ్బు తిరిగిరాదని రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది.

వాడు బాగానే చదివాడు. యాప్‌లో మాక్ టెస్టు పెట్టినప్పుడల్లా దాదాపు పూర్తి మార్కులు వచ్చేవి. కానీ అసలు టెస్టు నుంచి ముఖం వాడ్చుకుని వచ్చాడు. ఏం అడిగారు, నువ్వేం పెట్టావు అని కూర్చోబెట్టి రాయించాను. గుర్తున్నవన్నీ గైడుతో సరిచూస్తే వాడి జవాబులు అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. చట్టంతో సరిచూస్తేనే తప్పయ్యాయి.

ఒక ప్రశ్న పూర్తిగా చెబుతాను, మిగతావి అర్థమైపోతాయి. సొంత వాహనం నడుపుకునే లైసెన్సు ఎంతకాలం చెల్లుతుంది? గైడులో జవాబు: ఇచ్చిన తేదీ నుంచి 20 ఏళ్ళు, లేదా 50 ఏళ్ళ వయసు వచ్చేవరకు, ఏది ముందైతే అది. ఒకప్పుడు ఇది నిజమే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు సెక్షన్ 14 మార్చేశారు. ఇప్పుడు 30 నిండకముందు తీసుకుంటే 40 ఏళ్ళు వచ్చేదాకా, 30 నుంచి 50 లోపు తీసుకుంటే పదేళ్ళు, 50 నుంచి 55 లోపు అయితే 60 వచ్చేదాకా, 55 దాటితే ఐదేళ్ళు. మా తమ్ముడికి 24. గైడు లెక్కన వాడి లైసెన్సు 44 ఏళ్ళ దాకా ఉండాలి, చట్టం ప్రకారం 40కే అయిపోతుంది. నా వయసు 35. గైడు నాకు 50 దాకా అంటుంది, నిజానికి 45కే రెన్యువల్. పరీక్షలో ఒక మార్కు పోవడం అటుంచండి, గైడును నమ్మి ఎవరైనా ఆ నాలుగైదేళ్ళు గడువు తీరిన లైసెన్సుతో బండి నడిపితే? ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు ముందు చూసేది లైసెన్సు తేదీనే.

రెన్యువల్ ప్రశ్న ఇంకా ఘోరం. గడువు తీరి ఐదేళ్ళు దాటితేనే మళ్ళీ డ్రైవింగ్ టెస్టు అని పుస్తకంలో ఉంది. 2019 తర్వాత ఏడాది దాటితే చాలు, మళ్ళీ టెస్టుకు నిలబడాల్సిందే.

గైడు పట్టుకుని స్కూలుకు వెళ్ళాను. ఓనరు కౌంటర్ దగ్గరే ఉన్నాడు, పక్కన కొత్తగా చేరడానికి వచ్చినవాళ్ళు కూర్చున్నారు. సెక్షన్ 14 ఫోన్‌లో తెరిచి ఆయన ముందు పెట్టి, "అండీ, ఈ పుస్తకంలో ఉన్నది పాత చట్టం, చూడండి" అన్నాను. ఫోన్ వైపు చూడనైనా లేదు. "అమ్మా, టెస్టు సంగతి మావాళ్ళు చూసుకుంటారని మొదటిరోజే చెప్పాం. మీ తమ్ముడు మా మనిషిని పట్టుకోకుండా సొంతంగా స్లాటు బుక్ చేసుకున్నాడు. నాలుగు అక్షరాలు చదువుకున్నవాళ్ళతో మాకు ఇదే తలనొప్పి" అన్నాడు. కూర్చున్నవాళ్ళు నవ్వారు. అక్కడే నా ఒళ్ళు మండిపోయింది. అంటే పుస్తకం తప్పని ఆయనకు తెలుసు. ఎవరూ చదవరు, ఏజెంటు గట్టెక్కిస్తాడు అన్న ధీమాతోనే దాన్ని మార్చకుండా అమ్ముతున్నాడు. చదివి పాసవ్వాలనుకున్న పిల్లాడిది తప్పట! "మరి యాప్‌కీ పుస్తకానికీ డబ్బు ఎందుకు తీసుకున్నారు?" అని అడిగితే, "అందరూ అడుగుతారని పెట్టామమ్మా" అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేను.

ఇంటికొచ్చి ఆ యాప్‌ను మొత్తం తిరగేశాను. స్టోర్‌లో "అప్‌డేట్ అయింది" అని మొన్నటి తేదీ ఉంటుంది. ఆ తేదీ సాఫ్ట్‌వేర్‌ది. ప్రకటనలు వచ్చే కోడ్ మార్చినా, కొత్త ఫోన్లకు సరిచేసినా ఆ తేదీ మారుతుంది, ప్రశ్నలకు దానితో సంబంధం లేదు. ఇలాంటి యాప్‌లు చాలావరకు ఒకే పాత ప్రశ్నల జాబితాను ఒకదాన్నుంచి ఒకటి ఎత్తుకున్నవే. ఇంకో రెండు యాప్‌లు దించి చూస్తే అవే ప్రశ్నలు, అదే వరస, "పాదచారులు" అన్నచోట అదే అచ్చుతప్పు.

పాతవి పట్టుకోవడం కష్టం కాదు. జరిమానా ప్రశ్నల దగ్గరికి వెళ్ళండి. హెల్మెట్ లేకపోతే 100 రూపాయలు, సెక్షన్ 177 అని ఉంటే ఆ జాబితా 2019 సెప్టెంబరు 1కి ముందుదే. అప్పట్లో హెల్మెట్‌కు వేరే శిక్ష సెక్షన్ లేదు, ఏ సెక్షన్‌లోనూ లేని చిన్న తప్పులన్నిటినీ 177 కింద వేసేవారు. ఇప్పుడు దానికి 194-డి ఉంది. వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. సీటు బెల్టుకు 194-బి, అంబులెన్సుకు దారివ్వకపోతే 194-ఇ. ఇలా 194 పక్కన అక్షరం తగిలించిన ఈ కొత్త సెక్షన్లు యాప్‌లో ఒక్కచోటా కనిపించకపోతే ఇక అది మూసెయ్యొచ్చు. తాగి నడిపితే మొదటిసారి 2,000 అన్నా పాతదే, ఇప్పుడు 10,000.

జరిమానాల్లో ఒక చిక్కుంది. సెక్షన్ 200 కింద కొన్ని తప్పులకు రాష్ట్రాలు చట్టంలో ఉన్నదానికంటే తక్కువ మొత్తం కట్టించుకుని కేసు ముగించవచ్చు. అందుకే చలానా మీద కనిపించే అంకె, చట్టంలో ఉన్న అంకె ఒకటి కాకపోవచ్చు. అంకె కలవనంత మాత్రాన ప్రశ్న పాతదని తేల్చెయ్యకండి. సెక్షన్ నంబరు చూడండి, అది అబద్ధం చెప్పదు.

ఇంకో రెండు ప్రశ్నలు మా వాడిని ముంచాయి. బండితో పాటు ఏం ఉండాలి అంటే "ఒరిజినల్ కాగితాలు మాత్రమే" అని గైడు. 2018లోనే కేంద్ర నిబంధనలు మార్చి ఎలక్ట్రానిక్ రూపంలో చూపించినా చెల్లుతుందన్నారు, డిజిలాకర్‌లో ఉన్నది చూపించవచ్చు. రెండోది ఫోన్. "నడిపేటప్పుడు ఫోన్ ఏ అవసరానికీ వాడరాదు" అని గైడు జవాబు. 2020 అక్టోబరు నుంచి దారి చూసుకోవడానికి మాత్రం, అదీ దృష్టి చెదరకుండా వాడుకోవచ్చని నిబంధనలో ఉంది. చేత్తో పట్టుకుని మాట్లాడటం ఇప్పటికీ నేరమే, 2019 తర్వాత ప్రమాదకరంగా నడిపే నేరం కిందే వస్తుంది.

పాత పుస్తకంలో అంతా చెత్తేనని కాదు. సైన్ బోర్డులు అవే. కాపలా లేని రైల్వే గేటు దగ్గర బండి ఆపి, పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళను పంపి, లేకపోతే తానే దిగి వెళ్ళి రెండు వైపులా చూసుకున్నాకే దాటాలన్న నియమం 1988 చట్టంలో ఎలా ఉందో ఇప్పుడూ అంతే. మద్యం పరిమితి కూడా 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే. అందుకే ఈ మోసం త్వరగా బయటపడదు. బోర్డుల ప్రశ్నలన్నీ ఒప్పుగా ఉంటాయి కాబట్టి మిగతావీ ఒప్పే అనుకుంటాం. లైసెన్సు గడువు, రెన్యువల్, జరిమానా, కాగితాలు, ఫోన్: మార్పులు జరిగింది ఎక్కువగా ఇక్కడే, ముందు ఇవే చూడండి.

స్కూలు గురించి కూడా చెప్పాలి. చేర్చుకునేటప్పుడు "కొత్త రూల్ వచ్చింది, మా సర్టిఫికెట్ ఉంటే ఆర్టీవో దగ్గర డ్రైవింగ్ టెస్టే ఉండదు" అన్నారు. అదీ అబద్ధమే. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ మినహాయింపు ప్రభుత్వ గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు మాత్రమే. అక్కడ కారుకు 29 గంటల కోర్సు ఉంటుంది, అందులో 8 గంటలు తరగతి, 21 గంటలు బండి మీద. పూర్తిచేస్తే ఫారం 5బి ఇస్తారు. వీధి చివర మామూలు స్కూలు ఇచ్చేది ఫారం 5, దానితో టెస్టు తప్పదు. 2024 జూన్‌లో ఈ పుకారు ఊరంతా తిరిగినప్పుడు కేంద్ర రవాణా శాఖే ఆ విషయం స్పష్టం చేసింది. మీకు ఇచ్చేది ఏ ఫారమో డబ్బు కట్టకముందే అడగండి. నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి.

మా తమ్ముడు ఇప్పుడు మళ్ళీ రుసుము కట్టి స్లాటు తీసుకున్నాడు. ఈసారి రవాణా శాఖ పెట్టిన ప్రశ్నల నిధి ముందు చదువుతున్నాడు, sarathi.parivahan.gov.in లో ఉన్న మాక్ టెస్టు రాస్తున్నాడు. ప్రభుత్వం పెట్టిన పీడీఎఫ్ అయినా తేదీ చూసుకోండి, పాతవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అనుమానం వస్తే indiacode.nic.in లో చట్టం తెరిచి ఆ సెక్షన్ చదవడానికి రెండు నిమిషాలు చాలు. యాప్ వద్దనను, కానీ అది చదివింది గుర్తుందో లేదో చూసుకోవడానికే, అదీ పైన చెప్పిన ప్రశ్నల్లో నెగ్గితేనే. స్కూలుకు స్టీరింగు, క్లచ్, రివర్స్ నేర్చుకోవడానికి వెళ్ళండి. అక్కడ కూడా రోజుకు ఎన్ని నిమిషాలు బండి మీ చేతిలో ఉంటుందో రసీదు మీద రాయించుకోండి. యాప్, గైడు వద్దంటే ఫీజు ఎంత తగ్గుతుందో కూడా అక్కడే అడగండి.