జాగ్రత్త: ‘ప్రొప్రైటర్‌షిప్ నుంచి ప్రైవేట్ లిమిటెడ్’ ప్యాకేజీ కొనేముందు ఇది చదవండి

సొంత పేరుతో నడుపుతున్న వ్యాపారాన్ని పదిహేను రోజుల్లో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మార్చిపెడతామంటూ ఫోన్లో కనిపించే ప్రకటనలకు డబ్బు కట్టేముందు ఒక్కసారి ఆగండి. నేను కట్టింది రూ.14,999. అమ్మిన సంస్థ పేరు రాయను. ఇదే సరుకును ఇదే మాటలతో అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, పేరుకన్నా సరుకు ఎలాంటిదో తెలుసుకోవడమే మీకు ఉపయోగం.

మాది ఇనుప బీరువాలు, ర్యాకులు తయారుచేసే చిన్న యూనిట్. షెడ్డు, దాని కింది స్థలం, యంత్రాలు అన్నీ నా పేరుతోనే ఉన్నాయి, వ్యాపారం పుస్తకాల్లోనూ ఉన్నాయి. విస్తరణకు పెద్ద రుణం కావాలంటే కంపెనీగా మారి, స్థలాన్ని కూడా కంపెనీ పేరున పెట్టాలని బ్యాంకు చెప్పింది. అలా ఈ ప్యాకేజీ దగ్గరికి చేరాను.

మొదట తెలియాల్సిన విషయం ఇది. భాగస్వామ్య సంస్థను నేరుగా కంపెనీగా నమోదు చేసుకునే దారి 2013 కంపెనీల చట్టంలో ఉంది. ఒక్కరి సొంత వ్యాపారానికి ఆ దారి లేదు. కొత్తగా ఒక కంపెనీ పెట్టాలి, ఆ కంపెనీ మీ వ్యాపారాన్ని ఆస్తులతో, అప్పులతో సహా ఒప్పందం ద్వారా తీసుకోవాలి, దానికి బదులుగా మీకు షేర్లు ఇవ్వాలి. ‘మార్పిడి’ అని అందరూ పిలిచే పని నిజానికి ఈ మూడు పనుల కలయిక. ప్యాకేజీలో ఉన్నది మొదటిది మాత్రమే: పేరు ఖరారు, డిజిటల్ సంతకాలు, నమోదు పత్రం, కంపెనీకి పాన్. చెప్పినట్టే పదిహేను రోజుల్లో అవన్నీ వచ్చాయి, అందులో అబద్ధం లేదు. కంపెనీ పుట్టింది, కానీ దాని చేతిలో మేము కట్టిన లక్ష రూపాయల మూలధనం తప్ప ఏమీ లేదు. బీరువాలు చేసే వ్యాపారం ఇంకా నా దగ్గరే ఉంది.

మిగతా రెండు పనుల గురించి గట్టిగా అడిగితే, అదనంగా కొంత తీసుకుని ‘టేకోవర్ ఒప్పందం’ ముసాయిదా ఒకటి, కంపెనీ తొలి ఆస్తి అప్పుల పట్టీ ఒకటి పంపారు. అసలు ప్రమాదం ఆ రెండు కాగితాల్లో ఉంది.

మా పుస్తకాల లెక్క ఇలా ఉంది. స్థలం, షెడ్డు కలిపి 10 లక్షలు, యంత్రాలు 15 లక్షలు, సరుకు 12 లక్షలు, రావలసిన బాకీలు 21 లక్షలు, నగదు 2 లక్షలు. మొత్తం 60 లక్షలు. బ్యాంకు క్యాష్ క్రెడిట్ 11 లక్షలు, ఇనుప రేకుల వ్యాపారులకు ఇవ్వాల్సింది 7 లక్షలు తీసేస్తే నికరంగా 42 లక్షలు. అంటే కంపెనీ నాకు 42 లక్షలు బాకీపడుతుంది. వాళ్లు రాసిన ముసాయిదాలో ఆ 42 లక్షలలో 4 లక్షలకు మాత్రమే షేర్లు ఉన్నాయి. మిగిలిన 38 లక్షలు ‘డైరెక్టర్ నుంచి తీసుకున్న అప్పు’ అనే పద్దులో ఉన్నాయి. ఎందుకలా అని అడిగితే, ‘మంచిదే కదండీ, మీకు కావలసినప్పుడు ఆ డబ్బు పన్ను లేకుండా వెనక్కి తీసుకోవచ్చు’ అన్నారు. వినడానికి ఎంత తియ్యగా ఉందో చూడండి. అసలు కారణం వేరు. వాళ్లు కంపెనీ అధీకృత మూలధనాన్ని 5 లక్షలకే నమోదు చేశారు. అందులో లక్ష ముందే అయిపోయింది. ఇంకా ఇవ్వగలిగిన షేర్లు 4 లక్షలకు మించి లేవు. పరిమితి పెంచాలంటే మళ్లీ తీర్మానం, మళ్లీ ఫారం, మళ్లీ రుసుము. అదంతా ఎందుకని మిగతాది అప్పు పద్దులోకి తోసేశారు.

సంతకం పెట్టేముందు ఆ కాగితాలను మా ఊళ్లోని ఒక చార్టర్డ్ అకౌంటెంటుకు చూపించాను. ఆయన ఆ 38 లక్షల పద్దు మీద పెన్సిలుతో గుండ్రంగా గీసి, ‘దీంతో మినహాయింపు పోయినట్టే’ అన్నారు.

ఆ మినహాయింపు ఏమిటంటే, సొంత వ్యాపారాన్ని కంపెనీకి అప్పగించడం మామూలుగా అయితే ఆస్తి బదిలీయే. లాభం ఉంటే మూలధన లాభాల పన్ను పడుతుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 47వ సెక్షన్ పద్నాలుగో క్లాజు మూడు షరతులు పెట్టి, అవి పాటిస్తే ఆ పన్ను లేదంటుంది. 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి కానీ షరతులు ఇవే. వ్యాపారానికి చెందిన ఆస్తులు, అప్పులు అన్నీ కంపెనీకి చేరాలి. కంపెనీలో కనీసం సగం ఓటుహక్కు పాత యజమానికే ఉండాలి, అదీ అయిదేళ్లపాటు. మూడోది, షేర్లు తప్ప ఇంకే రూపంలోనూ, నేరుగా గానీ చుట్టుదారిలో గానీ, ఆయనకు ప్రతిఫలం ముట్టకూడదు. 38 లక్షలు నాకు కంపెనీ ఇవ్వాల్సిన అప్పుగా రాసుకోవడం షేర్లు కాని ప్రతిఫలమే. ఆ డబ్బు ఇవాళే తీసుకున్నానా, పదేళ్లకు తీసుకుంటానా అన్నది తర్వాతి మాట.

మా విషయంలో దీని ఖరీదు ఎంతో ఆయన అక్కడే లెక్కవేశారు. ముసాయిదాలో విడివిడి ధరలు లేకుండా వ్యాపారం మొత్తానికి ఒకే మొత్తం రాశారు. అలాంటి అమ్మకంలో స్థలం, భవనాల విలువను పుస్తకాల లెక్కతో కాకుండా రిజిస్ట్రేషన్ విలువతో చూస్తారు. పుస్తకాల్లో 10 లక్షలున్న మా స్థలం, షెడ్డు రిజిస్ట్రేషన్ విలువ 64 లక్షలు. తేడా 54 లక్షలు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం చొప్పున 6,75,000 రూపాయలు, దాని మీద సర్‌చార్జి, సెస్సు. చేతికి ఒక్క రూపాయి రాకుండా కట్టాల్సిన పన్ను అది. అద్దె షెడ్డులో నడుస్తూ, పాత యంత్రాలు తప్ప పెద్ద ఆస్తులు లేని యూనిట్లకు ఈ దెబ్బ చాలా చిన్నదిగా ఉండొచ్చు. స్థలం గల వాళ్లు మాత్రం ఈ పద్దును తప్పకుండా వెతకండి.

స్థలం గురించి వాళ్లు చెప్పిన ఇంకో మాట కూడా నమ్మదగింది కాదు. ‘ఇది మార్పిడి కాబట్టి రిజిస్ట్రేషన్ ఖర్చు ఉండదు’ అన్నారు. మినహాయింపు ఆదాయపు పన్నుకే, స్టాంపు డ్యూటీకి కాదు. కంపెనీ వేరే వ్యక్తి కిందే లెక్క. దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాల్సిందే, మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ ఖర్చు దాదాపు ఏడున్నర శాతం. మాకు 4,80,000 తేలింది. స్థలాన్ని నా పేరునే ఉంచేద్దామా అంటే, అది వ్యాపారం పుస్తకాల్లో ఉన్న ఆస్తి కాబట్టి ‘అన్నీ చేరాలి’ అన్న మొదటి షరతు దెబ్బతింటుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందంతో స్థలం కంపెనీది అయిపోదు.

ఆ అప్పు పద్దు వల్ల పడబోయిన పన్ను తప్పించుకున్న నష్టం. నిజంగా పోయింది జీఎస్టీలో.

కంపెనీ నమోదు కాగానే వాళ్ల మనిషి ఫోను చేసి, ‘రెండు జీఎస్టీ నంబర్లుంటే నోటీసులొస్తాయి’ అని తొందరపెట్టి, లాగిన్ తీసుకుని పాత నంబరు రద్దుకు దరఖాస్తు పెట్టేశారు. అది మంజూరైంది కూడా. చేయాల్సిన వరుస వేరు. ముందు కంపెనీ తన నంబరు తీసుకోవాలి. తర్వాత పాత నంబరు బతికి ఉండగానే పోర్టల్లో ITC-02 అనే ఫారం నింపి, ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను కంపెనీకి బదిలీ చేయాలి. దానికి చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రం కావాలి, కంపెనీ తరఫున ఆమోదం నొక్కాలి. రద్దు ఆఖరున. మాది తిరగబడింది. నంబరు రద్దయితే, అప్పటికి చేతిలో ఉన్న సరుకుపై తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి కట్టాలని నియమం. 12 లక్షల సరుకులో ఎక్కువ భాగం 18 శాతం పన్నుతో కొన్న రేకులే కాబట్టి, ఖాతాలో ఉన్న రెండు లక్షల చిల్లర అందులోకే పోయింది. అదే సరుకు కంపెనీకి క్రెడిట్ లేకుండా వచ్చింది. రద్దును వెనక్కి తీసుకోమని అడగడానికి కూడా వీల్లేదు. అధికారి తనంతట తాను రద్దుచేస్తే ఆ అవకాశం ఉంటుంది, మన దరఖాస్తు మీద రద్దయితే ఉండదు. అడిగితే సంస్థ ఇచ్చిన జవాబు: ‘జీఎస్టీ మా ప్యాకేజీ పరిధిలో లేదండీ.’ పరిధిలో లేని పనికి లాగిన్ ఎందుకు తీసుకున్నారో ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు పని సరైన దారిలో నడుస్తోంది. అధీకృత మూలధనం పెంచాం. నగదు కాకుండా ఆస్తులకు బదులుగా షేర్లు ఇవ్వాలంటే రిజిస్టర్డ్ వాల్యూయర్ మదింపు నివేదిక తప్పనిసరి, అది తయారవుతోంది. ఎన్ని షేర్లన్నది దాన్ని బట్టే తేలుతుంది. ప్రత్యేక తీర్మానం తర్వాత షేర్లు కేటాయించి, పదిహేను రోజుల్లో ఆ కేటాయింపును తెలిపే PAS-3 ఫారంతో పాటు స్టాంపు వేసిన ఒప్పందాన్ని, నివేదికను దాఖలు చేయాలి. కొత్త ఒప్పందంలో నాకు వచ్చేది షేర్లు మాత్రమే, అప్పు పద్దు లేదు. క్యాష్ క్రెడిట్‌ను కంపెనీ పేరుకు మార్చడానికి బ్యాంకు రాతపూర్వక అంగీకారం ముందే తీసుకున్నాం.

షేర్ల పంపకంలో ఒక్క మాట. సగం ఓటుహక్కు షరతు పాత యజమాని ఒక్కరికే వర్తిస్తుంది, కుటుంబం మొత్తానికి కాదు. భార్య పేరున అరవై శాతం, నా పేరున నలభై అని పెట్టుకుంటే ఇంట్లో ఎవరికీ తేడా ఉండదు, మినహాయింపు మాత్రం పోతుంది. మూడో ఏట పెట్టుబడిదారుడు వచ్చి మీ వాటా సగానికి దిగువకు పడినా అంతే. అప్పుడు మొదట్లో వదిలేసిన లాభం మీద పన్ను ఆ ఏడాది కంపెనీ నెత్తిన పడుతుంది. ‘కంపెనీ అయ్యాక ఎప్పుడైనా పెట్టుబడి తెచ్చుకోవచ్చు’ అని ప్రకటనల్లో రాసేవాళ్లు ఈ అయిదేళ్ల సంగతి ఎక్కడా రాయరు.

డబ్బు కట్టేముందు అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగండి: టేకోవర్ ఒప్పందం ఎవరు రాస్తారు, మదింపు నివేదిక ఎవరు తెస్తారు, నా వ్యాపారం నికర విలువ మొత్తానికి షేర్లు ఇచ్చేటంత అధీకృత మూలధనం పెడుతున్నారా, ఫలానా వ్యాపారాన్ని తీసుకోవడం కంపెనీ మెమోరాండంలో ఉద్దేశంగా రాస్తున్నారా, ITC-02 ఎవరు దాఖలు చేస్తారు. మా కంపెనీ మెమోరాండంలో ఆ ఉద్దేశం వాక్యం కూడా లేదు. ఏ బీరువాల కంపెనీకైనా సరిపోయే నమూనా అతికించారు. వాళ్ల జవాబులో కంపెనీ నమోదు, పాన్, టాన్ తప్ప ఇంకేమీ లేకపోతే వాళ్లు అమ్ముతున్నది కొత్త కంపెనీ మాత్రమే. జీఎస్టీ లాగిన్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.