ఎన్‌పీఎస్ ఎల్‌సీ 75: చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

ఎన్‌పీఎస్ అనే పెన్షన్ పథకంలో ఆటో ఛాయిస్ తీసుకుంటే మన వయసును బట్టి షేర్ల వాటాను వాళ్లే తగ్గించుకుంటూ పోతారు. అందులో షేర్లు ఎక్కువుండే రకం పేరు ఎల్‌సీ 75. నేను కర్నూలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ప్రభుత్వ పెన్షన్ వచ్చే ఉద్యోగం కాదు కాబట్టి 2017లో ఎన్‌పీఎస్ ఖాతా తెరిచి ఎల్‌సీ 75 ఎంచుకున్నాను. మార్కెట్‌ను రోజూ చూసే తీరిక లేనివాడికి ఇది మంచి ఏర్పాటు అని అప్పుడు అనుకున్నాను, కొంతవరకు ఇప్పుడూ అదే అంటాను. కానీ దీని గురించి చెప్పేవాళ్లు చెప్పని విషయం ఒకటుంది. అది వాడుతూ పోతే గానీ తెలియదు.

ముందు ఇది పనిచేసే తీరు. 35 ఏళ్లు వచ్చేదాకా షేర్లు 75 శాతం. అక్కడి నుంచి ఏటా నాలుగు శాతం చొప్పున తగ్గి 40కి 55, 45కి 35 అవుతుంది. తర్వాత ఏటా మూడు చొప్పున దిగి 50కి 20కి వస్తుంది. ఆపైన ఏటా ఒక్కటి తగ్గి 55కి 15 దగ్గర ఆగుతుంది. మిగతా డబ్బు ప్రభుత్వ బాండ్లకు, కంపెనీ బాండ్లకు పోతుంది. ఈ మార్పు ఏటా మన పుట్టినరోజున జరుగుతుంది. ట్రాన్సాక్షన్ స్టేట్‌మెంట్ తీసి చూస్తే ఆ తేదీ దగ్గర ఒక స్కీమ్‌లో యూనిట్లు అమ్మినట్టు, ఇంకో స్కీమ్‌లో కొన్నట్టు కనిపిస్తుంది.

నా పుట్టినరోజు మార్చి చివరి వారంలో. 2020లో కరోనా దెబ్బకు నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. జనవరిలో అది 12,000 పైన ఉండింది. అంత పడిపోయిన వారంలోనే నా ఫండు షేర్ల వాటాను 63 నుంచి 59కి దించాలి. సరిగ్గా అడుగున ఉన్నప్పుడు నా షేర్లు అమ్మేస్తారని స్టాఫ్ రూములో అందరూ అన్నారు. జరిగింది వేరు. లెక్క తేలిగ్గా ఉండడానికి లక్ష రూపాయలు అనుకుందాం. అందులో 63 వేలు షేర్లు, 37 వేలు బాండ్లు. షేర్లు మూడో వంతు పడితే 42 వేలవుతాయి, మొత్తం 79 వేలు. అంటే షేర్ల వాటా అప్పటికే 53 శాతానికి జారిపోయింది. దాన్ని 59కి తేవాలంటే ఇంకో నాలుగున్నర వేల షేర్లు కొనాలి. ఫండు అదే పని చేసింది, బాండ్లు అమ్మి షేర్లు కొన్నది. ఆ వారంలో నాకై నేను ఆ పని చేసి ఉండేవాణ్ణి కాదు. ఈ పద్ధతికి నేను మనసారా ఇచ్చే మెప్పు ఇక్కడే.

మరుసటి మార్చికి నిఫ్టీ 8,600 ప్రాంతం నుంచి 14,500 దాకా పెరిగింది. పై లెక్కనే కొనసాగించి, బాండ్లు అయిదు శాతం పెరిగాయనుకుంటే షేర్లు 78 వేలు దాటి, వాటా 70 శాతం దగ్గరికి వచ్చింది. కొత్త లక్ష్యం 55. కాబట్టి దాదాపు 16,700 రూపాయల షేర్లు అమ్మాలి. ఈ అమ్మకాన్ని రెండు ముక్కలుగా విడదీసి చూడాలి. పాత 59 దగ్గరే ఉంచాలన్నా 12 వేలకు పైగా అమ్మాల్సి వచ్చేది. అది పెరిగినదాన్ని కోసి సమానం చేయడం. మార్కెట్ మళ్లీ పడితే ఆ డబ్బు మళ్లీ షేర్లలోకి వస్తుంది. మిగతా నాలుగున్నర వేలు మాత్రం వయసు పెరిగినందుకు తీసిన డబ్బు. అది ఒకసారి పోతే మళ్లీ రాదు. మార్కెట్ చవగ్గా ఉన్నా ప్రియంగా ఉన్నా, నాకు ఇంకా డబ్బు చాలకపోయినా, పుట్టినరోజు వస్తే తీసేస్తారు. ఎన్‌పీఎస్‌లో ఈ మార్పులకు పన్ను పడదు, అదొక మేలు. ఇదే పని మ్యూచువల్ ఫండ్లలో సొంతంగా చేసుకుంటే, ఏడాదికి 1.25 లక్షలు దాటిన దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను కట్టాలి.

ఇక అసలు లోపానికి వస్తాను. పేరులో ఉన్న 75 మన దగ్గర డబ్బు లేని వయసుకు సంబంధించిన అంకె. జీతం పెరిగే కొద్దీ కట్టేది పెరుగుతుంది, వయసు పెరిగే కొద్దీ షేర్లు తగ్గుతాయి. రెండూ ఎదురెదురు దారుల్లో పోతాయి. ఒక మనిషి 35వ ఏట నెలకు 3,000తో మొదలుపెట్టి ఏటా పది శాతం పెంచుకుంటూ 60 దాకా కట్టాడనుకోండి. కట్టిన సొమ్ము మొత్తం 35 లక్షల పైచిలుకు. అందులో మొదటి పదిహేనేళ్లలో కట్టినది పదకొండున్నర లక్షలే. దాదాపు 24 లక్షలు, అంటే మూడింట రెండు వంతులు, 50 దాటాకే కడతాడు. ఆ రూపాయలు లోపలికి వచ్చేనాటికి షేర్ల వాటా 20 శాతం, ఆపైన ఇంకా తక్కువ. తన సొమ్ములో ఎక్కువ భాగం 75ని కాదు కదా, 35ని కూడా చూడదు.

ఇది మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సార్ విషయంలో కళ్లారా చూశాను. ఆయన 50 నిండాక, పాత పన్ను విధానంలో దొరికే 50 వేల అదనపు మినహాయింపు కోసం ఎన్‌పీఎస్‌లో చేరారు. ఫారంలో ఎల్‌సీ 75కి టిక్ పెట్టారు. మార్కెట్ బాగా పెరిగిన ఏడాది ఆయన ఖాతా మాత్రం పోస్టాఫీసు పథకంలాగే కదిలింది. "ఏమప్పా, ముప్పావు వంతు షేర్లలో పెడితే ఇంతేనా వచ్చేది?" అని అడిగారు. హోల్డింగ్ స్టేట్‌మెంట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరం ‘ఈ’ ఉన్న షేర్ల స్కీమ్ విలువను మొత్తం విలువతో భాగించమన్నాను. అయిదో వంతు కూడా లేదు. వయసుల వారీ వాటాల పట్టికను దాని పక్కనే ఉంచి చూపిస్తే ఇంకో సంగతి బయటపడింది. మధ్యస్థం అని పిలిచే ఎల్‌సీ 50లో కూడా 50 ఏళ్ల వయసుకు షేర్ల వాటా 20 శాతమే. అంటే ఆ వయసులో చేరేవాడికి చేరేనాటికి రెండింటికీ షేర్లలో తేడా ఏమీ లేదు. "మరి రెండు పేర్లెందుకు సార్?" అని ఆయన నన్నే అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఖాతా తెరిచేటప్పుడు చేరేవాడి వయసుకు ఎంత శాతమో ఒక్క వరుసలో చూపిస్తే చాలు, ఎవరూ పేరు చూసి పొరబడరు.

రెండో లోపం, ఫండుకు మన వయసు తప్ప ఇంకేమీ తెలియదు. ఆ సార్ వాళ్ల మేడమ్ ప్రభుత్వ టీచరు. సి.క్యాంపులో సొంతిల్లు, కోడుమూరు దగ్గర కొంచెం పొలం, ఎల్ఐసీ పాలసీలు, బ్యాంకులో డిపాజిట్లు ఉన్నాయి. ఇంట్లో షేర్లంటూ ఉన్నది ఈ ఒక్క ఖాతాలోనే, అదీ అయిదో వంతు లోపే. మన వైపు చాలా కుటుంబాల సంగతి ఇంతే. స్థిరంగా ఉండే ఆస్తులు ఇప్పటికే నిండుగా ఉంటే, ఉన్న ఒక్క పెరిగే ఖాతాను కూడా ఏటా స్థిరం వైపే నెట్టడం నాకు సరిగా తోచదు. ఏ ఆస్తీ లేక ఈ ఖాతా ఒక్కటే ఆధారమైనవాడికి మాత్రం ఇదే తగ్గింపు న్యాయం. ఇద్దరికీ ఒకే పట్టిక వర్తిస్తోంది.

షేర్లు ఎక్కువ ఉంచడం ఎప్పుడూ మేలే అని నేను అనను. అమెరికాలో 2010లో రిటైరయ్యేవాళ్ల కోసమని అమ్మిన ఇలాంటి ఫండ్లు 2008లో సగటున పావు వంతు పడ్డాయి, ఒకటి రెండు 40 శాతం దాకా పడ్డాయి. గడువు రెండేళ్లే ఉన్నా కొన్నిట్లో సగానికి సగం షేర్లే ఉండటం దానికి కారణం. గడువు సంవత్సరం ఒకటే అయినా లోపలి వాటాలు ఒక్కో కంపెనీవి ఒక్కోలా ఉన్నాయి. అక్కడ ఆలస్యంగా తగ్గించారు, ఇక్కడ మరీ తొందరగా తగ్గిస్తున్నారు. ఎల్‌సీ 75 దిగుడు 55కే పూర్తవుతుంది. ఖాతా మాత్రం 60 దాకా, కావాలంటే 85 దాకా నడుపుకోవచ్చు. ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు ఓపిక ఉన్నంతకాలం పాఠం చెబుతూనే ఉంటారు. అలాంటప్పుడు పదేళ్లు, పదిహేనేళ్లు 15 శాతం షేర్లతో కూర్చుంటే ధరల పెరుగుదలను దాటి మిగిలేది చాలా తక్కువ.

బాండ్ల వైపు డబ్బు పోతే కదలదని కూడా అనుకోవద్దు. ప్రభుత్వ బాండ్ల స్కీమ్‌లో ఎక్కువ కాలపరిమితి ఉన్న బాండ్లు ఉంటాయి. వడ్డీ రేట్లు పెరిగితే వాటి ధర తగ్గుతుంది. 2022 మేలో రిజర్వు బ్యాంకు రెపో రేటు పెంచడం మొదలుపెట్టి, 2023 ఫిబ్రవరికల్లా 4 నుంచి 6.5 శాతానికి తెచ్చింది. ఆ రోజుల్లో నా స్టేట్‌మెంట్‌లో ప్రభుత్వ బాండ్ల వరుస కొన్ని నెలలు కిందికే చూసింది. ప్రభుత్వం డబ్బు ఎగ్గొడుతుందన్న భయం అక్కర్లేదు, కానీ ఇది ఫిక్సెడ్ డిపాజిట్ కాదు.

నేను కిందటేడు 44వ ఏట బ్యాలెన్స్‌డ్ లైఫ్ సైకిల్ అనే రకానికి మారాను. ఇది 2024లో వచ్చింది. 45 ఏళ్లు వచ్చేదాకా షేర్లు 50 శాతం ఉంచి, 55కి 35 దగ్గర ఆపుతుంది. దూకుడుదని పేరున్న ఎల్‌సీ 75 ఆ వయసులో నాకు 39 శాతమే ఇస్తోంది. 42 దాటినవాళ్లెవరికైనా షేర్లు బ్యాలెన్స్‌డ్‌లోనే ఎక్కువ. ఆన్‌లైన్‌లో లాగిన్ అయి స్కీమ్ ప్రిఫరెన్స్ మార్చుకుంటే, ఉన్న డబ్బు కూడా కొత్త వాటాల ప్రకారం కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. ఏడాదికి నాలుగుసార్లు ఇలా మార్చుకునే వీలుంది. యాక్టివ్ ఛాయిస్ తీసుకుంటే షేర్లను మనమే 75 దాకా పెట్టుకోవచ్చు. కానీ 2020 మార్చిలాంటి వారంలో నా తరఫున షేర్లు కొనే ఏర్పాటును వదులుకోవాలనిపించలేదు.

ఫిజిక్స్ సార్ మాత్రం ఎక్కడున్నారో అక్కడే ఉన్నారు. ఆయన వాదన విన్నాక నేనూ ఒప్పుకున్నాను. 60కి చేతికొచ్చే డబ్బులో కొంత భాగంతో తప్పనిసరిగా యాన్యుటీ, అంటే బీమా కంపెనీ బతికినంతకాలం పెన్షన్ ఇచ్చే పాలసీ, కొనాలి. ఆ భాగానికి పొడుగు బాండ్లు సరైన జోడీ. వడ్డీ రేట్లు పెరిగి బాండ్ల ధర తగ్గినా, అదే కారణంగా యాన్యుటీ కంపెనీలు ఇచ్చే పెన్షన్ రేటు కూడా పెరుగుతుంది కాబట్టి ఒక నష్టాన్ని ఇంకోటి చాలావరకు పూడుస్తుంది. ఒకేసారి తీసుకునే మిగతా సొమ్ముకు ఆ రక్షణ లేదు. ఆయన ఆ సొమ్మును కూతురి పెళ్లికి అనుకుంటున్నారు. దానికోసం 57 దాటినప్పటి నుంచి వేరుగా బ్యాంకు డిపాజిట్ పెంచుకుంటానని, ఎన్‌పీఎస్ డబ్బును పెళ్లి తేదీతో ముడిపెట్టనని చెప్పారు.