నాలుగేళ్ల వాడకం తర్వాత 1.8 లీటర్ల రైస్ కుక్కర్: రాత్రంతా ‘వార్మ్’లో ఉన్న అన్నం తినొచ్చా?

ఇది మీట నొక్కే మామూలు రకం కుక్కర్: 700 వాట్లు, అల్యూమినియం గిన్నె, పైన స్టీలు మూత. అత్తెసరు అన్నానికి దీనికి వంక పెట్టడానికి లేదు. సోనా మసూరి పాతబియ్యానికి గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్లు, కొత్తబియ్యానికి రెండు. పాతిక ముప్పై నిమిషాల్లో మీట టక్కున పైకి లేస్తుంది, ఆ తర్వాత పది నిమిషాలు మూత తియ్యకపోతే పలుకు లేకుండా ఒదుగుతుంది. వంట గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. చెప్పాల్సిందంతా మీట పైకి లేచాక వెలిగే రెండో లైటు, అంటే ‘వార్మ్’ గురించే.

గిన్నె కింద మధ్యలో స్ప్రింగు మీద ఆడే గుండ్రటి బిళ్ల ఉంటుంది. అందులో అయస్కాంతం ఉంది. నీళ్లున్నంత సేపూ గిన్నె అడుగు 100 డిగ్రీలు దాటదు. నీళ్లు ఇంకిపోగానే దాటుతుంది, అప్పుడు అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, మీట లేస్తుంది. అక్కడి నుంచి పెద్ద హీటర్‌కి వరుసలో ఇంకో చిన్న హీటర్ చేరి, రెండూ కలిసి 40 వాట్ల దాకా మాత్రమే లాగుతాయి. అన్నీ ఇలాగే ఉండవు, కొన్ని మోడళ్లలో పెద్ద హీటరే థర్మోస్టాట్‌తో ఆగి ఆగి వెలుగుతుంది. ఏదైనా ‘వార్మ్’ పని ఒక్కటే: వేడిగా ఉన్నదాన్ని వేడిగా ఉంచడం. చల్లారినదాన్ని వేడి చెయ్యడం దాని వల్ల కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన కిలో అన్నాన్ని 5 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే, బయటికి పోయే వేడిని లెక్కలోకి తీసుకోకపోయినా, 40 వాట్లకి గంటకు పైగా పడుతుంది. నిజంగా అయితే రెండు మూడు గంటలు. మిగిలిన అన్నం గిన్నెలో వేసి మీట పైన ఉంచి వదిలేసే అలవాటు ఉంటే ఇక్కడే మానెయ్యాలి.

అన్నంలో భయపడాల్సిన సూక్ష్మజీవి బాసిల్లస్ సీరియస్. ఇది మట్టిలో ఉంటుంది, పొలంలోంచే ధాన్యంతో పాటు వస్తుంది. బియ్యం ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు. దీని బీజాలు ఉడుకుని తట్టుకుంటాయి, పైగా ఆ వేడి వాటిని నిద్ర లేపినట్టు పని చేస్తుంది. ఉడికిన అన్నం 50 డిగ్రీల దిగువకి వచ్చాక మొలకెత్తి పెరుగుతాయి. 30, 35 డిగ్రీల దగ్గర, అంటే మన వేసవి రాత్రి వంటింట్లో, వాటికి పండగే. పెరిగిన రకాల్లో కొన్ని అన్నంలోనే ఒక విషాన్ని వదులుతాయి. అది తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు తెప్పిస్తుంది. దాని పేరు సెర్యులైడ్. 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా అది చెడదు. ప్రెషర్ కుక్కర్‌లో మళ్లీ ఉడికించినా, నూనెలో వేయించినా ఉపయోగం లేదు. 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లో చైనీస్ హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిని వరసగా జనం వాంతులు చేసుకున్నది దీనివల్లే. అన్నం ముందే వండి గది వేడిలో వదిలేసి, తర్వాత వేయించి ఇచ్చేవారు.

అందుకే ‘రాత్రంతా పెట్టొచ్చా’ అన్న ప్రశ్నకి గంటలు చూసి జవాబు చెప్పలేం, ఉష్ణోగ్రత చూడాలి. అన్నం ప్రతి మెతుకూ 60 డిగ్రీల పైన ఉంటే ఈ జీవి పెరగదు. బ్రిటన్‌లో హోటళ్లకి పెట్టిన హద్దు 63, అమెరికా ఫుడ్ కోడ్‌లో 57. నేను 60కి కట్టుబడతాను. చాలా మామూలు కుక్కర్ల మాన్యువళ్లు ఐదారు గంటలకు మించి ‘వార్మ్’లో ఉంచొద్దంటాయి. అందులో రుచి బాధ సగం, వేడి సమంగా ఉండకపోవడం సగం.

వేడిని వేలితో చూస్తే మోసపోతాం. 45 డిగ్రీల అన్నం చేతికి బాగా వేడిగానే తగులుతుంది. అన్నంలో వేసిన నెయ్యి కరిగింది కాబట్టి వేడిగానే ఉందనుకోవడం ఇంకా ప్రమాదం: నెయ్యి 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మూత తియ్యగానే ఆవిరి గుప్పున ముఖానికి కొడితే కొంత నయం. కానీ అసలు తేల్చేది ప్రోబ్ ఉన్న వంట థర్మామీటరే, కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది.

దాంతో ముందు నీళ్లతో పరీక్ష చెయ్యాలి. గిన్నెలో లీటరు నీళ్లు పోసి మీట నొక్కి మరిగించండి. మరగ్గానే మీట చేత్తో ఎత్తెయ్యండి, మూత పెట్టండి. గంటకోసారి చూస్తే మూడు నాలుగు గంటలకి ఒక అంకె దగ్గర నిలబడుతుంది. ఈ కుక్కర్‌లో అది 68, 70 మధ్య ఆగుతుంది, అంటే హీటర్ బాగుంది. 60 దిగువన ఆగితే ఆ కుక్కర్‌ని ‘వార్మ్’ కోసం నమ్మకూడదు.

అన్నంతో చూస్తే కథ మారుతుంది, ఎందుకంటే నీళ్లు కలిసి తిరుగుతాయి, అన్నం కదలదు. ముప్పావు గిన్నె నిండుగా ఉంటే అడుగున 70 దాటుతుంది, మధ్యలో 66 దాకా, మూత కింది పొరలో 61, 62. అరగ్లాసు బియ్యం అన్నం మిగిలితే పైపొర 57కి జారుతుంది. అంటే గిన్నెలో అన్నం తగ్గేకొద్దీ పైభాగం చల్లబడుతుంది, అసలు రాత్రి మిగిలేదే కొంచెం కదా. మిగిలినదాన్ని గోడలకు అంటకుండా మధ్యకి కుప్పగా చేర్చి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డ మూత కింద వేస్తే రెండు మూడు డిగ్రీలు మెరుగవుతుంది, అంతకు మించి ఆశించొద్దు. గరిటె లోపలే వదిలేస్తే మూత సరిగా కూర్చోక వేడి అక్కడి నుంచే పోతుంది, పైగా కంచంలో తగిలిన ఆ గరిటే చెడగొట్టే క్రిముల్ని లోపలికి తెస్తుంది.

ఈ కుక్కర్‌కి పెద్ద లోపం లైటే. అది నిజంగా వేడి ఉందని చెప్పదు, కరెంటు వస్తోందని మాత్రమే చెబుతుంది. లైటుకి చాలా స్వల్ప కరెంటు చాలు, అందుకే చిన్న హీటర్ తెగిపోయినా పసుపు లైటు హాయిగా వెలుగుతూనే ఉంటుంది. మూడో ఏట సరిగ్గా అదే జరిగింది. వంట బాగానే అవుతోంది, లైటు వెలుగుతోంది, నీళ్ల పరీక్షలో మాత్రం 41. హీటర్ మార్చాక మళ్లీ 69కి వచ్చింది. ఇంకో చిన్న కారణం: గిన్నె అడుక్కీ దాని కింది హీటర్ పళ్లానికీ మధ్య ఒక్క మెతుకు ఎండి అతుక్కున్నా గిన్నె పక్కకి ఒరిగి వేడి సరిగా అందదు. వండే ముందు అడుగు తుడవడం దానికి మందు.

ఇక అసలు ప్రమాదం, కరెంటు కోత. రాత్రి ఎనిమిదిన్నరకి వండారు, తొమ్మిదికి తిన్నారు, అరకిలో దాకా అన్నం మిగిలి ‘వార్మ్’లో ఉంది. ఒంటిగంటకి కరెంటు పోయింది. పలచటి గిన్నె కాబట్టి గంటలోపే అన్నం 50 దిగువకి దిగుతుంది, మరో గంటకి గది వేడికి దగ్గరవుతుంది. ఈ క్రిమి అనుకూలమైన వేడిలో సుమారు అరగంటకోసారి రెట్టింపవుతుంది. గ్రాముకి వంద ఉన్నాయనుకోండి. మూడు గంటలు గడిస్తే ఆరు రెట్టింపులు, ఆరు వేల పైచిలుకు. ఆరు గంటలైతే పన్నెండు రెట్టింపులు, నాలుగు లక్షలు. గ్రాముకి లక్ష దాటితే విషం తయారయ్యే భయం ఉంది. చిన్న కోతకి చాలాసార్లు ఎవరికీ ఏమీ కాకపోవడానికీ, పెద్ద కోత రాత్రి కొంప మునగడానికీ తేడా ఇదే.

కరెంటు తిరిగొచ్చాక కుక్కర్ తనంతట తానే ‘వార్మ్’లోకి వెళ్తుంది. ఏడింటికి మూత తీస్తే అన్నం వేడిగా, వాసన లేకుండా, మామూలుగా కనిపిస్తుంది. 65 డిగ్రీల్లో క్రిములు చచ్చి ఉండొచ్చు, వాటి విషం మాత్రం అలాగే ఉంటుంది. వాసన చూసి తేల్చలేం. పాసిపోయిన అన్నం తీగ సాగుతుంది, పుల్లటి వాసన వేస్తుంది, కానీ అవి ఇతర క్రిముల గుర్తులు. ఈ విషానికి రంగూ రుచీ లేవు. పొద్దున్న అన్నం కాస్త పసుపు తిరగడం, అడుగు ఎండి పెచ్చు కట్టడం మాత్రం ఎక్కువసేపు వేడిలో ఉన్నందుకే, దానికి హడలిపోనక్కర్లేదు.

రాత్రి కరెంటు పోయిందో లేదో తెలుసుకోవడానికి మైక్రోవేవ్ గడియారం ఉన్నవాళ్లకి అది చాలు: సున్నాలు కొట్టుకుంటుంటే పోయిందన్నమాట. అది లేనప్పుడు గోడకి తగిలించే పాతరకం ప్లగ్ టైమర్ కుక్కర్ పక్క సాకెట్‌లో పెడితే, అది అసలు టైము కంటే ఎంత వెనకబడిందో అంతసేపు కోత ఉన్నట్టు. ఇన్వర్టర్ మీద కుక్కర్ సాకెట్ ఉండే ఇళ్లు తక్కువ, ఫ్యాను తిరిగింది కాబట్టి కుక్కరూ పని చేసిందనుకోవద్దు. కోత రెండు గంటలు దాటితే, లేదా ఎంతసేపో తెలియకపోతే అన్నం పారేస్తాను.

పప్పు, సాంబారు, గుడ్డు కూర కుక్కర్ పైన తట్టలో పెట్టి ‘వార్మ్’లో ఉంచడం వేరే తప్పు. తట్ట గిన్నె కంటే పైన ఉంటుంది, అక్కడ 50 కూడా అందదు. కొబ్బరి పాలు, కోడిమాంసం కలిపిన అన్నాలు కూడా ‘వార్మ్’కి పనికిరావు.

రాత్రికి మిగులుతుందని తెలిసినప్పుడు మంచి దారి ఇది: భోజనం కాగానే ప్లగ్ తీసి, అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో అంగుళం మందాన పరిచి, ఫ్యాను కింద గంటలోపు చల్లార్చి, మూతగిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టాలి. రాశిగా పెడితే మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా మిగిలిపోతుంది. మర్నాటిలోపు, ఒక్కసారే, ఆవిరి పొగలు కక్కేదాకా వేడి చేసి తినెయ్యాలి. మళ్లీ మిగిలితే ఇక ఫ్రిజ్‌లోకి వెనక్కి పంపొద్దు.

ఖర్చు చూస్తే ఎనిమిది గంటల ‘వార్మ్’కి మూడోవంతు యూనిట్‌కి మించదు. వంటకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, రాత్రి కాపలాకి రెండు. కొనేటప్పుడు మూత అంచుకి రబ్బరు సీలు, గిన్నె చుట్టూ మందపాటి డబుల్ గోడ ఉన్న రకం చూడండి. కరెంటు పోయినా వేడి నెమ్మదిగా దిగేది వాటివల్లే.