గోడమీది టైంటేబుల్ ఫొటో నుంచి వారపు పట్టిక: ఎక్సెల్‌ను రెండేళ్లు వాడిన తర్వాత

నల్లగొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తూ, స్టాఫ్ రూం గోడకు అతికించిన టైంటేబుల్‌ను తరగతివారీగా వారపు పట్టికలుగా మార్చే బాధ్యతను రెండు విద్యా సంవత్సరాలుగా నేనే చూస్తున్నాను. ఇందుకు ఫోన్‌లోని ఎక్సెల్ యాప్‌లో ఉన్న Data from Picture అనే సదుపాయాన్ని వాడుతున్నాను. ఫొటోలోని గళ్లను గుర్తించి, అందులోని అక్షరాలను అదే వరుసలో షీట్‌లోకి తేవడంలో దీనికి మంచి మార్కులే వేస్తాను. అయితే మన బడుల్లో టైంటేబుల్ రాసే తీరు వల్ల, అక్షరాలు షీట్‌లోకి వచ్చేసరికి అసలు పని ఇంకా మిగిలే ఉంటుంది.

మన దగ్గర సాధారణంగా బడి మొత్తానికీ ఒకే చార్టు ఉంటుంది. అందులో నిలువుగా తరగతులు, అడ్డంగా పీరియడ్లు ఉంటాయి తప్ప రోజులకు విడిగా గళ్లుండవు. సోమవారాన్ని 1గా, శనివారాన్ని 6గా లెక్కించి, ఏ సబ్జెక్టు ఏ రోజుల్లో ఉందో గడిలోనే అంకెలతో రాస్తారు. ఉదాహరణకు మా తొమ్మిదో తరగతి వరుసలో నాలుగో పీరియడ్ దగ్గర "PS 1-3, BS 4-6" అని ఉంది. అంటే సోమ, మంగళ, బుధవారాల్లో భౌతికశాస్త్రం, మిగిలిన మూడు రోజులు జీవశాస్త్రం అన్నమాట. ఉపాధ్యాయులకు ఇది చూడగానే అర్థమవుతుంది కానీ, ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ అర్థం కాదు. ఈ ఒక్క గడిని ఆరు గళ్లుగా విప్పడమే అసలు పని, దాన్ని చేతితోనే చేయాలి.

ఆ అంకెల దగ్గరే జాగ్రత్త అవసరం. సబ్జెక్టు పేరు పక్కనే రోజులు రాసి ఉంటే ఇబ్బంది లేదు. కొన్ని చార్టుల్లో రోజులను కింద విడి గడిలో రాస్తారు. అప్పుడు ఒంటరిగా ఉన్న "1-3"ను ఎక్సెల్ తేదీగా భావించి 1-Mar అని, "4-6"ను 4-Jun అని చూపిస్తుంది. ఆ తర్వాత గడిని Text రకానికి మార్చినా పాత అంకెలు తిరిగి రావు; 2025లో అయితే 45717 వంటి సంఖ్య ప్రత్యక్షమవుతుంది. అందుకే షీట్‌లో చేర్చే ముందు సరిచూసుకోమని యాప్ అడిగే దశలోనే "1-3"ను "1 2 3"గా దిద్దేస్తాను. అనుమానం ఉన్న గళ్లను యాప్ రంగుతో చూపిస్తుంది కానీ, ఇటువంటి వాటిపై దానికి అనుమానం రాదు కాబట్టి అన్నింటినీ మనమే చూసుకోవాలి.

విప్పిన పట్టికలో రోజులు నిలువుగా, ఎనిమిది పీరియడ్లు అడ్డంగా ఉంటాయి, అంటే మొత్తం 48 గళ్లు. అన్నీ నిండాయో లేదో మొదటి సూత్రం చెబుతుంది, భౌతికశాస్త్రానికి ఎన్ని పీరియడ్లు పడ్డాయో రెండోది చెబుతుంది.

```
=COUNTA(B2:I7)
=COUNTIF(B2:I7,"PS")
```

అదే తొమ్మిదో తరగతికి ఐదో పీరియడ్‌లో "HIN 1-4, LIB 5, GK 6" అని ఉండగా, 5 కాస్తా S అక్షరంగా చదవబడింది. దాంతో లైబ్రరీకి రోజు లేకుండా పోయింది, శుక్రవారం గడి ఖాళీగా మిగిలింది. మొత్తం 47 రావడంతో అది వెంటనే బయటపడింది. కానీ మొత్తం 48 వచ్చినంత మాత్రాన సరిపోదు. ఒక సబ్జెక్టు రోజు మరొక దానికి పోయినా 48 అలాగే ఉంటుంది గనుక, ప్రతి సబ్జెక్టు లెక్కనూ చార్టుతో పోల్చి చూడడం తప్పనిసరి.

ఫొటో విషయంలో రెండే మాటలు చెబుతాను. లామినేషన్ చేసిన చార్టుపై ట్యూబ్‌లైటు వెలుగు పడితే ఆ చారలో ఉన్న పీరియడ్ మొత్తం చెడిపోతుంది కాబట్టి, లైటు ఆర్పి, కిటికీ వెలుతురులో, ఫోన్‌ను చార్టుకు సమాంతరంగా పట్టుకుని తీయాలి. ఇంటర్వెల్, భోజన విరామం అని నిలువుగా రాసిన పట్టీలను ముందే కత్తిరించలేం గనుక, అవి వచ్చిన నిలువు వరుసలను తర్వాత తొలగించడం సులువు.

తెలుగులో రాసిన చార్టులకు మాత్రం ఈ సదుపాయాన్ని సిఫారసు చేయను, ఎందుకంటే ఇది తెలుగు లిపిని చదవదు. గూగుల్ లెన్స్ అచ్చు తెలుగును బాగానే చదువుతుంది కానీ, గళ్ల అమరిక పోయి వరుసగా మాటలే మిగులుతాయి. స్కెచ్ పెన్నుతో రాసిన చార్టయితే నేరుగా టైపు చేసుకోవడమే త్వరగా అయ్యే పని.

బదిలీలూ సర్దుబాట్లూ జరిగినప్పుడు ఏడాది మధ్యలోనే టైంటేబుల్ మారుతుంది. అప్పుడు మళ్లీ ఫొటో తీయను. మారిన గళ్లను మాత్రమే దిద్ది, పై రెండు లెక్కలూ చూసుకుని, ఒకే ఉపాధ్యాయుడికి ఒకే పీరియడ్‌లో రెండు తరగతులు పడలేదని తేలిన తర్వాతే ఎ4 కాగితంపై అడ్డంగా ముద్రించి తరగతి గదిలో అతికిస్తాను.