పేరాను క్యాప్షన్‌గా కుదించాలంటే: కత్తిరించడమా, పిండడమా, ఒక్కటే ఎంచుకోవడమా?

మా కోనసీమలో సార్వా కోతలప్పుడు తుపాను పడితే ఏం చేయాలో చెప్పే పేరా ఒకటి నా దగ్గరుంది. దాన్ని ఊరి పేజీలో క్యాప్షన్‌గా పెట్టాలి. మూడు రకాలుగా కుదించి చూశాను. ముందు అసలు పేరా:

"కోతల సమయంలో వాన పడితే ముందుగా చేలో నిలిచిన నీళ్లను బోదెల్లోకి తీసేయాలి. కోసిన పనలు చేలోనే తడిసి ఉంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, పనలను తిరగేసి పిచికారీ చేస్తే గింజ మొలకెత్తకుండా ఆగుతుంది. నూర్చిన ధాన్యం తడిసి, ఆరబెట్టే వీలు లేకపోతే మాత్రం క్వింటాలుకు కిలో పొడి ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టాలి. ఎండ రాగానే ఆరబెట్టి తూర్పారబట్టాలి."

మొదటి పద్ధతి కత్తిరించడం. పేరా మొదటి వాక్యం ఉంచి, మిగతాది చుక్కలు పెట్టి వదిలేయడం. పని సులువే. కానీ వ్యాసంలో మొదటి వాక్యం దారి చూపడానికి వస్తుంది, అసలు మాట తర్వాత ఉంటుంది. ఇక్కడ మిగిలేది "నీళ్లు బోదెల్లోకి తీయండి" అనే మాట. అది తెలియని రైతు డెల్టాలో ఎవరున్నారు?

రెండోది పిండడం. ప్రతి వాక్యం నుంచీ ఒక ముక్క తీసి కూర్చడం:

"వానకు తడిసిన వరికి ఉప్పు చల్లితే మొలకెత్తదు. నీళ్లు తీసేయండి, పనలు తిరగేయండి, ఊక కలపండి, ఎండ రాగానే ఆరబెట్టండి."

చూడ్డానికి ఇదే బాగుంటుంది. ఏదీ వదల్లేదన్న తృప్తి ఉంటుంది. నేను మొదట ఇదే పెట్టాను. గంటలో ఫోనొచ్చింది: "ఏమండీ, కళ్లంలో రాశి మీద ఉప్పు నీళ్లు కొట్టమంటారా?" అడిగారు గనక సరిపోయింది. అడగకుండా కొట్టేసి ఉంటే, అసలే తడిసిన ధాన్యం మరింత నానేది. పేరాలో ఉప్పు రెండు చోట్ల, రెండు పద్ధతుల్లో ఉంది. పనలకు ద్రావణం, ధాన్యానికి పొడి ఉప్పు. నేను "తడిసిన వరి" అనగానే ఆ రెండూ కలిసిపోయాయి. పిండేటప్పుడు ముందుగా జారిపోయేవి "ఉంటే", "మాత్రం" లాంటి షరతు మాటలే. చిన్నవి కదా అని తీసేస్తాం. ఇలాంటి పేరాకు ప్రాణం వాటిలోనే ఉంటుంది.

మూడోది, ఒక్క సందర్భాన్నే ఎంచుకుని కొత్తగా రాయడం:

"కోసిన పనలు చేలో తడిసిపోయాయా? లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, పనలు తిరగేసి కొట్టండి. రాశి పోసిన ధాన్యానికి ఇది వద్దు."

షరతు ప్రశ్నగా ముందుకొచ్చింది. తన పని కాని వాడు మొదటి ముక్క దగ్గరే ఆగిపోతాడు. కొలత అలాగే ఉంది. 15 లీటర్ల ట్యాంకుకు ముప్పావు కిలో అని రాస్తే ఇంకా సులువనిపించింది గానీ, అందరి ట్యాంకూ ఒకటి కాదు, లీటరు లెక్కే ఉంచాను. "గుప్పెడు ఉప్పు" అని మాత్రం రాయకూడదు. నా గుప్పెడూ మా బాబాయి గుప్పెడూ ఒకటి కావు.

పొడవు సంగతి. ఇన్‌స్టాగ్రామ్ 2,200 అక్షరాల దాకా రాయనిస్తుంది గానీ, తెర మీద ముందుగా కనిపించేది దాదాపు 125. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. పైగా ఈ లెక్కలో గుణింతం, వత్తు విడివిడిగా పడతాయి. "ఉప్పు" మన కంటికి రెండక్షరాలు, లెక్కలో అయిదు. అందుకే తెలుగులో చోటు అనుకున్నదానికంటే ముందే నిండుతుంది. పైన రాసిన క్యాప్షన్ ఖాళీలతో సహా 121. "వద్దు" అన్న మాట కూడా మడతకు ఇవతలే పడింది. అది లోపలికి పోతే మళ్లీ అదే ఫోను.

నా ఓటు మూడోదానికే. దానికీ లోటు లేకపోలేదు: ధాన్యం నూర్చేసిన వాళ్లకు ఇందులో ఏమీ దొరకదు. వాళ్ల కోసం వెంటనే రెండో పోస్టు పెట్టాలి, రేపటికి ఆపకూడదు:

"నూర్చిన ధాన్యం తడిసిందా, ఆరబెట్టే దారి లేదా? క్వింటాలుకు కిలో పొడి ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టండి. ఉప్పు నీళ్లు కొట్టకండి."

ఎండ, తూర్పార సంగతి రెండింట్లోనూ లేదు. ఎండ కాశాక ఆరబెట్టమని ఒకరు చెప్పక్కర్లేదని వదిలేశాను. పేరా ఒకే విషయం చెబుతుంటే, అంటే ఒక్క పంట, ఒక్క దశ, ఒక్క కొలత ఉంటే పిండినా నష్టం లేదు. "అయితే", "లేకపోతే" అని రెండు దారులు చీలిన పేరాను మాత్రం రెండు పోస్టులు చేస్తున్నాను. పెట్టే ముందు ఫోన్లో మా బాబాయికి చదివి వినిపించి, "ఇప్పుడు నువ్వేం చేస్తావ్ బాబాయ్?" అని అడుగుతున్నాను. మొన్న ఈ రెండోది విని, "ఊక తడిగా ఉంటే?" అన్నాడు. అందుకే "పొడి" అన్న మాట అందులో రెండుసార్లు ఉంది.