అప్పీలా, బయటి కమిషనా? తప్పుడు శిక్షను దిద్దడానికి ఏది మేలు

చేయని నేరానికి మనిషి జైలుకు వెళ్ళడానికి కారణాలు అన్ని దేశాల్లోనూ దాదాపు ఒకటే. చూసినవాళ్ళు పొరపాటుగా గుర్తుపట్టడం, స్టేషన్‌లో ఒత్తిడి చేసి ఒప్పించడం, ముద్దాయికి పనికొచ్చే కాగితాన్ని ప్రాసిక్యూషన్ బయటపెట్టకపోవడం. తేడా ఉన్నది ఆ తప్పును తర్వాత పట్టుకునే పద్ధతిలో. మన దగ్గర ఆ భారమంతా హైకోర్టు అప్పీలు మీద పడుతుంది. ఇంగ్లండులో అప్పీళ్ళన్నీ అయిపోయాక కూడా తలుపు తట్టడానికి ఒక ప్రత్యేక కమిషన్ ఉంది. రెండింట్లో ఏది మేలో రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది మనవాళ్ళకు తెలిసినదే. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న అమ్మాయిని చంపేశారు. 2008 ఆగస్టులో పోలీసులు ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతనికి శిక్ష వేసింది. అసలు నేరస్థుడు ఇతను కాదని ఆ అమ్మాయి తల్లిదండ్రులే బయటికి వచ్చి చెబుతూ వచ్చారు. అయినా 2017 మార్చి 31న హైకోర్టు శిక్షను రద్దు చేసేదాకా అతను జైల్లోనే ఉన్నాడు. ఎనిమిదేళ్ళ పైమాటే. అతనికి లక్ష రూపాయలు చెల్లించమని కూడా కోర్టు చెప్పింది.

రెండోది మాంచెస్టర్ పక్కన సాల్ఫోర్డులో జరిగింది. 2003 జులైలో ఒక మహిళపై అత్యాచారం జరిగింది. అక్కడికి దగ్గరలోని షాపింగ్ సెంటర్లో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్న ఆండ్రూ మాల్కిన్సన్‌ను బాధితురాలూ, మరో ఇద్దరు సాక్షులూ గుర్తుపట్టారు. అతణ్ణి నేరానికి ముడిపెట్టే డీఎన్ఏ ఏదీ లేదు. దాడి చేసినవాడి ముఖం గోళ్ళతో గట్టిగా రక్కానని ఆమె చెప్పింది. మరుసటి రోజు డ్యూటీలో మాల్కిన్సన్‌ను చూసినవాళ్ళకు అతని ముఖం మీద గీత కూడా కనిపించలేదు. 2004లో తీర్పు చెప్పడానికి కూర్చున్న పన్నెండు మంది మామూలు పౌరుల జ్యూరీలో పదిమంది దోషి అన్నారు, అంతే. జీవిత ఖైదు. కనీసం జైల్లో ఉండాల్సిన కాలం ఏడేళ్ళ లోపే అయినా, నేరం ఒప్పుకోనందుకు పదిహేడేళ్ళు లోపలే గడిచాయి.

ఇక అప్పీలు సంగతి. ఈ విషయంలో మన పద్ధతే మేలని నా అభిప్రాయం. దానికి కారణం చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా లోతైనది. మన సెషన్స్ జడ్జి శిక్ష ఎందుకు వేశాడో తీర్పులో రాయాలి. ఏ సాక్షిని ఎందుకు నమ్మాడు, ఏ వస్తువు ఎక్కడ దొరికింది, పంచనామా మీద సంతకాలు ఎవరివి, అన్నీ కాగితం మీద ఉంటాయి. మొదటి అప్పీలులో హైకోర్టు ఆ సాక్ష్యమంతా మొదటి నుంచి మళ్ళీ చదివి, కింది కోర్టు నమ్మినదాన్ని నమ్మకుండా ఉండవచ్చు. ఇబ్రహీంపట్నం కేసులో జరిగింది ఇదే. పోలీసులు చెప్పిన కథ హైకోర్టు ముందు నిలబడలేదు. ఇంగ్లండు జ్యూరీ మాత్రం దోషి అనో కాదనో ఒక్క మాట చెబుతుంది, కారణాలు రాయదు. జ్యూరీ ఎందుకు నమ్మిందో తెలియనప్పుడు పై కోర్టు దాన్ని తప్పుపట్టడం కష్టం. అందుకే అక్కడి అప్పీలు కోర్టు సాధారణంగా విచారణ జరిగిన తీరులో లోపమో, కొత్త సాక్ష్యమో అడుగుతుంది. మాల్కిన్సన్ మొదటి అప్పీలు 2006లో వీగిపోయింది.

అయితే మన అప్పీలుకు ఒక పెద్ద లోటు ఉంది. అది ఫైల్లో ఉన్నదాన్నే చదువుతుంది. అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం హైకోర్టుకు ఉన్నా, ఫైల్లో లేనిదాన్ని వెతికి తేవడం ఎవరి పనీ కాదు. జైల్లో ఉన్నవాడి దగ్గర డబ్బుండదు, లీగల్ ఎయిడ్ వకీలు స్టేషన్లు, ల్యాబులు తిరిగి పాత కాగితాలు తవ్వి తీయలేడు. సుప్రీంకోర్టు దాకా ఓడిపోయాక మిగిలేవి, ఆ కోర్టు తీర్పును అదే కోర్టును మళ్ళీ చూడమని అడిగే రివ్యూ, క్యూరేటివ్ పిటిషన్లు, ఆ తర్వాత క్షమాభిక్ష. మొదటి రెండింట్లో కోర్టు సాక్ష్యాన్ని మొదటి నుంచి మళ్ళీ తూచదు. క్షమాభిక్షతో శిక్ష తగ్గవచ్చు, పోవచ్చు గానీ, కోర్టు ఇచ్చిన దోషి అన్న తీర్పు మాత్రం అలాగే ఉంటుంది.

కమిషన్ పుట్టింది సరిగ్గా ఈ ఖాళీ పూరించడానికే. బాంబు పేలుళ్ళ కేసులో పదహారేళ్ళు జైల్లో ఉన్న ఆరుగురు బర్మింగ్‌హామ్ వాసులు 1991లో నిర్దోషులుగా బయటికి వచ్చాక, 1995 చట్టం కింద దాన్ని పెట్టారు. 1997 నుంచి పనిచేస్తోంది. పోలీసులైనా, ల్యాబ్ అయినా, ఏ ప్రభుత్వ సంస్థ దగ్గరున్న కాగితాన్నైనా రప్పించుకునే అధికారం దానికి ఉంది. అది తీర్పు ఇవ్వదు, కేసును తిరిగి అప్పీలు కోర్టుకు పంపుతుంది. అప్లికేషన్‌కు ఫీజు లేదు, వకీలు లేకపోయినా తీసుకుంటారు.

కాగితం మీద ఇది చాలా మంచి ఏర్పాటు. కానీ మాల్కిన్సన్ ఫైలులో 2007లోనే ఒక విషయం ఉంది. బాధితురాలి బట్టల మీద మరో మగవాడి డీఎన్ఏ దొరికింది, అది మాల్కిన్సన్‌ది కాదు. కమిషన్‌కు 2009 నాటికే ఈ సంగతి తెలుసు. అయినా 2012లో ఒకసారి, 2020లో మరోసారి కేసును పంపడానికి ఒప్పుకోలేదు. దీనికి మూలం చట్టంలోని ఒక షరతు అనుకుంటాను. అప్పీలు కోర్టు శిక్షను రద్దు చేసే నిజమైన అవకాశం ఉందనిపిస్తేనే కమిషన్ కేసు పంపాలి. దాంతో కమిషన్ తన కళ్ళతో నిజం చూడడం మాని, కోర్టు ఏమంటుందో ఊహించడం మొదలుపెడుతుంది. కొత్త పరీక్షలకు అయ్యే ఖర్చు కూడా దాని లెక్కల్లోకి వచ్చింది. చివరికి ఒక న్యాయ స్వచ్ఛంద సంస్థ పూనుకుని కొత్త డీఎన్ఏ పరీక్షలు చేయించింది. అప్పుడు ఆ నమూనా పోలీసు డేటాబేసులోని మరో మనిషితో సరిపోయింది. 2023 జనవరిలో కమిషన్ కేసు పంపింది, జులై 26న శిక్ష రద్దయింది. బాధితురాలి గోరు విరిగినట్టు చూపే ఫోటో, సాక్షుల పాత నేరాల వివరాలు ముద్దాయి వకీలుకు ఇవ్వలేదని కూడా అప్పుడు తేలింది. కమిషన్ 2024లో క్షమాపణ చెప్పింది.

కాబట్టి నా ఎంపిక ఇది. మొదటి మెట్టుగా కారణాలు రాసిన తీర్పు మీద, సాక్ష్యమంతా తిరగేసే మన అప్పీలే మేలు. దాని పైన కమిషన్ కూడా కావాలి. కానీ ఆ నిజమైన అవకాశం అన్న షరతు లేకుండా, అనుమానం గట్టిగా ఉంటే చాలు అనే నియమంతో.

ఈ రెండింటికంటే ముందు ఉండాల్సింది మరొకటి ఉంది. సాల్ఫోర్డు కేసులో పోలీసులు బాధితురాలి బట్టలు పారేశారు. ఆ బట్టల నుంచి తీసిన నమూనాలు ఫోరెన్సిక్ గిడ్డంగిలో మిగిలి ఉండబట్టే అతను బయటపడ్డాడు. ఇబ్రహీంపట్నం కేసు 2018లో సీబీఐకి వెళ్ళేనాటికి, విజయవాడ కోర్టులో ఉండాల్సిన వస్తువులు నాశనమైపోయాయని తెలిసింది. 2019 డిసెంబరులో ఆ అమ్మాయి భౌతికకాయాన్ని సమాధి నుంచి వెలికితీసి మళ్ళీ పరీక్షించాల్సి వచ్చింది. కన్నవాళ్ళకు అది ఎంత నరకమో ఊహించుకోండి.

మన సెషన్స్ తీర్పుల చివరి పేరాలో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది, అప్పీలు గడువు ముగిశాక ఎం.ఓ.లను నాశనం చేయాలని. ఎం.ఓ.లంటే బట్టలు, కత్తి, రక్తపు మరకల పత్తి లాంటి వస్తువులు. మీ ఇంట్లోవాళ్ళకు శిక్ష పడితే, తీర్పు కాపీ చేతికి రాగానే ఆ వాక్యం ఉందేమో చూడండి. ఉంటే, అప్పీలు వేసిన సంగతి తెలిపి, ఎం.ఓ.లను ముట్టకుండా భద్రపరచమని వకీలు చేత అదే కోర్టులో పిటిషన్ వేయించండి. దానికి ఇచ్చిన నంబరు రాసి పెట్టుకోండి.